కన్సాలిడేషన్‌ను ఏమనాలి? పునాది నోట్‌ను సైట్ కోసం తెలుగు చేసేటప్పుడు మాటల ఎంపిక

కాకినాడ వైపు ఒక గోదాం పని. పల్లపు నేల, పైన ఒకటిన్నర మీటరు ఇసుక పొర, దాని కింద నాలుగు మీటర్ల మెత్తటి సముద్రపు బంకమట్టి, ఆ కింద మళ్లీ ఇసుక. గోదాం కాలమ్స్‌కి పైల్స్ ఉన్నాయి. లోపలి ఫ్లోర్ మాత్రం రెండు మీటర్ల మెరక మీద నేరుగా కూర్చుంటుంది. మా డిజైన్ నోట్‌లో దీని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: కింది బంకమట్టిలో 90 శాతం కన్సాలిడేషన్ పూర్తయ్యాకే ఫ్లోర్ కాంక్రీట్ వెయ్యాలి. దాన్ని సైట్ కోసం తెలుగు చేసినప్పుడు "మట్టి 90 శాతం గట్టిపడ్డాకే ఫ్లోర్ వెయ్యాలి" అయింది.

సైట్ ఇంజినీరు బాధ్యత గలవాడే. మెరకను పొరలుగా పోయించాడు, రోలర్ తిప్పించాడు, మెరక ఎంత బిగిసిందో చూసే కోర్ కట్టర్ పరీక్ష చేయించాడు. 96 శాతం వచ్చింది. అడిగింది 90, వచ్చింది 96, కాబట్టి మరుసటి వారమే కాంక్రీట్ పోశాడు. ఏడాది తిరిగేసరికి ఫ్లోర్ వంద మిల్లీమీటర్ల పైన దిగింది. పైల్స్ మీదున్న కాలమ్స్ కదల్లేదు కాబట్టి ప్రతి కాలమ్ చుట్టూ గచ్చు పగిలి, మధ్యలో పళ్లెంలా గుంట పడింది.

అతను తప్పు చదవలేదు. తెలుగు వాక్యంలో ఉన్నది అదే. ఇలాంటి నోట్‌లో కన్సాలిడేషన్, సెటిల్‌మెంట్, షియర్ స్ట్రెంగ్త్ అనే మూడు మాటల్నీ ఎలా రాయాలి అనేదే ఇక్కడి ప్రశ్న. నా జవాబు ముందే చెబుతాను: మూడింటికీ ఒకే పద్ధతి పనికిరాదు. ఒకదానికి తెలుగు మాట గెలుస్తుంది. ఒకదానికి ఇంగ్లీష్ మాటే ఉంచాలి, కానీ కాపలాతో. మూడోదానికి మాట కన్నా గుర్తు ముఖ్యం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, ఆ మాట సైట్‌లో ఇప్పటికే వేరే పనిలో ఉందా అన్నది. నిఘంటువులో సరిపోయిన మాట సైట్‌లో ఇంకో అర్థంతో తిరుగుతుంటే దాన్ని వాడటం ప్రమాదం. "గట్టిపడటం" నిఘంటువు ప్రకారం తప్పేమీ కాదు. సైట్‌లో మాత్రం ఆ మాట రోలర్‌కీ కాంక్రీట్‌కీ ఎప్పుడో రాసిచ్చేశారు.

రెండోది, తెలుగు మాట చదివినవాడు సాయిల్ రిపోర్ట్ తెరిచి దానికి సంబంధించిన అంకెను పట్టుకోగలడా అన్నది. రిపోర్ట్ ఇంగ్లీష్‌లోనే వస్తుంది. డ్రాయింగ్ కూడా అంతే. నోట్‌లోని మాటకూ రిపోర్ట్‌లోని పట్టికకూ మధ్య దారి తెగిపోతే తెలుగు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

మూడోది చిన్నదే. ఆ వాక్యాన్ని ఫోన్‌లో మేస్త్రీకి చదివి వినిపిస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలియాలి.

## మన ముందున్న దారులు

మొదటి దారి గ్రంథపు తెలుగు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ ఫిజిక్స్ చదివినవారికి ప్రతిబలం, వికృతి, సంసంజనం లాంటి మాటలు గుర్తుంటాయి. అదే బాణీలో దృఢీభవనం, విరూపణ పటుత్వం అని రాయవచ్చు. రెండో దారి ఇంగ్లీష్ మాటను తెలుగు లిపిలో దింపేయడం. మూడోది గట్టిపడటం, కుంగడం, జారడం లాంటి వాడుక మాటలు. నాలుగోది కలగలుపు: మొదటిసారి వచ్చినప్పుడు మాటను ఒక పూర్తి వాక్యంతో వివరించి, ఆ తర్వాత ఆ ఒక్క మాటనే మార్చకుండా వాడటం.

| దారి | సైట్‌లో వేరే అర్థం ఉందా | రిపోర్ట్‌తో కలుస్తుందా | చదివి వినిపిస్తే |
|---|---|---|---|
| గ్రంథపు తెలుగు | దాదాపు లేదు | కలవదు | అర్థం కాదు |
| ఇంగ్లీష్ మాట, తెలుగు లిపి | కొన్నిటికి ఉంది | నేరుగా కలుస్తుంది | విన్నట్టే ఉంటుంది, పని తెలియదు |
| వాడుక తెలుగు | చాలావాటికి ఉంది | ఊహించుకోవాలి | వెంటనే అర్థమవుతుంది, కొన్నిసార్లు తప్పుగా |
| కలగలుపు | వివరణతో ఆపవచ్చు | కలుస్తుంది | మొదటి వాక్యం వింటే తెలుస్తుంది |

పట్టిక చూస్తే కలగలుపే మేలనిపిస్తుంది. కానీ అన్నిచోట్లా వివరణ రాస్తూ పోతే రెండు పేజీల నోట్ ఆరు పేజీలవుతుంది, ఎవరూ చదవరు. అందుకే ఒక్కో మాటనూ విడిగా చూడాలి. గ్రంథపు తెలుగును నేను తీసి పారెయ్యను. పాఠ్యపుస్తకంలో దాని చోటు దానికుంది. సైట్ నోట్‌లో మాత్రం దృఢీభవనం అని కనబడితే చదివేవాడు ఆ లైన్ దాటేసి కింద అంకె వెతుక్కుంటాడు. ఆ అంకె 90 అయితే ఏమవుతుందో పైన చూశాం.

## సెటిల్‌మెంట్: ఇక్కడ తెలుగు గెలుస్తుంది

ఇది మూడింటిలోకీ తేలిక. "కుంగుబాటు" అని రాయండి. పునాది కుంగింది, గోడ కుంగింది అని జనం అనేదే. కుంగింది, కుంగుతోంది, కుంగవచ్చు, కుంగకూడదు అని క్రియగా కూడా చక్కగా ఒదుగుతుంది. సెటిల్‌మెంట్ అంటే మన దగ్గర ముందు గుర్తొచ్చేది స్థలాల పంచాయితీ. పైగా మేస్త్రీల చెవికి "సెటిల్ అయింది", "సెట్ అయింది" రెండూ ఒకేలా వినిపిస్తాయి. కాంక్రీట్ సెట్ అవ్వడం మంచి వార్త, ఫ్లోర్ సెటిల్ అవ్వడం కాదు.

కుంగుబాటుకు ఒక లోపం ఉంది. అది ఫలితాన్ని చెబుతుంది, కారణాన్ని చెప్పదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాక్ పియర్లు కుంగినప్పుడు పత్రికలన్నీ ఈ మాటే రాశాయి, సరిగ్గానే రాశాయి. కానీ అక్కడ నిపుణులు ఎత్తిచూపిన కారణాల్లో పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం ముఖ్యమైనది. మన గోదాంలో ఇసుక ఎక్కడికీ పోలేదు, బంకమట్టిలోంచి నీరు పోతోంది. నల్లరేగడి నేలలో ఎండాకాలం నెర్రెలిచ్చి గోడ దిగితే దాన్ని కూడా కుంగిందనే అంటాం. అక్కడ జరిగేది మట్టి ఎండి ముడుచుకోవడం. కాబట్టి నోట్‌లో కుంగుబాటు ఒంటరిగా తిరగకూడదు. దాని ముందు ఎప్పుడూ ఒక విశేషణం ఉండాలి: కట్టేటప్పుడే వచ్చే కుంగుబాటు, కన్సాలిడేషన్ కుంగుబాటు, మొత్తం కుంగుబాటు, తేడా కుంగుబాటు.

ఈ చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. రెండు పక్కపక్క కాలమ్స్ ఒకదానికన్నా ఒకటి ఎంత ఎక్కువ దిగాయో చెప్పే అంకెకు "అసమాన కుంగుబాటు" అని రాసేవారున్నారు. వినడానికి బాగుంది, కానీ అది తీసివేత లెక్క అన్న సంగతి ఆ మాటలో లేదు. "తేడా కుంగుబాటు" మొరటుగా ఉన్నా ఆ సంగతి చెప్పేస్తుంది. అది ఎందుకు ముఖ్యమంటే, 1986 నాటి ఐఎస్ 1904 అనే పునాదుల ప్రమాణం ప్రకారం మెత్తటి బంకమట్టి మీద విడివిడి ఫుటింగ్స్ ఉన్న ఆర్‌సీసీ కట్టడానికి మొత్తం కుంగుబాటు 75 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. తేడా కుంగుబాటు మాత్రం కాలమ్స్ మధ్య దూరంలో 0.0015 వంతు. ఆరు మీటర్ల దూరానికి అది 9 మిల్లీమీటర్లు. విశేషణం ఎగిరిపోయి "అనుమతించిన కుంగుబాటు 75" అని ఒక్కటే మిగిలితే, రెండు కాలమ్స్ మధ్య 30 మిల్లీమీటర్ల తేడా వచ్చినా సైట్ ఇంజినీరు ఇంకా సగం కూడా కాలేదని నిబ్బరంగా ఉంటాడు.

## కన్సాలిడేషన్: అన్ని తెలుగు మాటలూ ఎంగేజ్ అయిపోయాయి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. జరిగే పని ఏమిటో ముందు చూద్దాం. పెరుగును గుడ్డలో మూటగట్టి పైన బరువు పెడితే నీరు మెల్లగా కారుతుంది, కారినంత మేరా మూట తగ్గుతుంది. బంకమట్టి కూడా అంతే. పైన మెరక పడగానే ఆ బరువును మొదట మట్టి గింజలు మోయవు, వాటి మధ్య చిక్కుకున్న నీరు మోస్తుంది. నీరు తప్పించుకునేకొద్దీ బరువు గింజల మీదకు దిగుతుంది, పొర పలచబడుతుంది. రోలర్ చేసేది ఇది కాదు. రోలర్ మెరక మట్టిలోని గాలిని బయటకు తోస్తుంది, అది కొన్ని పాస్‌లలో అయిపోతుంది. దాని పేరు కంపాక్షన్.

తెలుగులో ఏ మాట ఖాళీగా ఉంది? గట్టిపడటం రోలర్‌దీ కాంక్రీట్‌దీ. దిమ్మిస కొట్టడం అంటే పూర్తిగా కంపాక్షనే. కుంచించుకోవడం ఎండిన నల్లరేగడికీ కాంక్రీట్‌లో వచ్చే ష్రింకేజ్‌కీ వాడతాం. కుదించుకోవడం కొంత నయం, కానీ దాన్లో నీరు లేదు, కాలం లేదు. "ఇంకడం" అంటే నీరు నేలలోకి పోవడం, మనకు కావలసింది నీరు మట్టిలోంచి బయటకు రావడం.

అలాగని కన్సాలిడేషన్ అని రాసేసి చేతులు దులుపుకుందామంటే అది కూడా శుభ్రమైన మాట కాదు. పీడబ్ల్యూడీ రేట్ల షెడ్యూళ్లలో మట్టి పూడిక ఐటమ్ చదవండి. ఇరవై సెంటీమీటర్ల పొరలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి "కన్సాలిడేట్" చెయ్యాలని ఉంటుంది. అంటే మన ఇంజినీర్లు బిల్లుల్లో తరాలుగా కంపాక్షన్‌కే కన్సాలిడేషన్ అంటున్నారు. సాయిల్ మెకానిక్స్ ఆ మాటను వేరు చేసింది కానీ షెడ్యూల్ వేరు చెయ్యలేదు. ఆ గోదాంలో నోట్‌ను తెలుగు చెయ్యకుండా ఇంగ్లీష్‌లోనే పంపినా అదే ఫ్లోర్ అదే వారం పడి ఉండేదేమో అని నాకిప్పటికీ అనుమానమే.

అందుకని నా ఎంపిక ఇది. మాట కన్సాలిడేషనే ఉంచాలి, ఎందుకంటే రిపోర్ట్‌లోని పరీక్ష పేరు అదే. కానీ ఎప్పుడూ "బంకమట్టి కన్సాలిడేషన్" అని జంటగా రాయాలి. మొదటిసారి వచ్చినచోట ఈ వాక్యం పెట్టాలి: "పైన పడిన బరువుకు కింది బంకమట్టిలోని నీరు నెలల తరబడి బయటకు పోతూ ఆ పొర పలచబడటం, రోలర్‌తో దీనికి సంబంధం లేదు." ఆ రెండో ముక్క చదవడానికి అనవసరంలా కనిపిస్తుంది. నోట్ మొత్తంలో డబ్బు మిగిల్చేది అదే. మెరకకు మాత్రం కన్సాలిడేషన్ అని పొరపాటున కూడా రాయకండి. "రోలింగ్", లేదా "కంపాక్షన్" అనండి.

ఇక శాతాల సంగతి. కంపాక్షన్‌కీ శాతమే, కన్సాలిడేషన్‌కీ శాతమే, రెండూ తొంభైల్లోనే ఉంటాయి. తెలుగు చేసేటప్పుడు శాతాన్ని తీసేసి, అది దేన్ని కొలుస్తోందో ఆ అంకెగా మార్చడమే దీనికి మందు. మన గోదాం లెక్కనే తీసుకుందాం. బంకమట్టి మధ్యలో మెరకకు ముందున్న ఒత్తిడి 39 కిలోపాస్కల్స్. రెండు మీటర్ల మెరక తెచ్చేది 36, అంటే చదరపు మీటరుకు సుమారు 3.6 టన్నులు. మెరక విశాలంగా ఉంది కాబట్టి లోతుతో అది తగ్గదు. కింది లెక్కలో S అంటే కుంగుబాటు, Cc అంటే మట్టి ఎంతగా అణుగుతుందో చెప్పే గుణకం, H అంటే బంకమట్టి పొర మందం, e0 అంటే మట్టిలో మొదట ఉన్న ఖాళీల నిష్పత్తి.

```
S = Cc × H / (1 + e0) × log10((39 + 36) / 39)
  = 0.5 × 4 / (1 + 1.5) × 0.284
  = 0.227 m
```

మొత్తం కన్సాలిడేషన్ కుంగుబాటు సుమారు 227 మిల్లీమీటర్లు. దానిలో 90 శాతం అంటే 204. కాబట్టి తెలుగు నోట్‌లో రాయాల్సింది "90 శాతం గట్టిపడ్డాక" కాదు, "మెరక కింది పాత నేల మట్టం దాదాపు 200 మిల్లీమీటర్లు దిగాక" అని. ఈ అంకెను రోలర్‌తో ఎవరూ చూపించలేరు. మెరకకు ముందు పాత నేల మీద ఇనుప ప్లేటు పెట్టి, దానికి రాడ్ నిలబెట్టి, వారం వారం లెవెల్ తీస్తేనే తెలుస్తుంది. రీడింగులను గ్రాఫ్ మీద పెట్టుకుంటూ పోవాలి. గీత ఇంకా వాలుతూనే ఉంటే 200 వచ్చినా ఆగాల్సిందే, ఎందుకంటే లెక్కలోని 227 అంచనా మాత్రమే. 160 దగ్గరే గీత చదునైపోతే డిజైనర్‌కి ఫోన్ చెయ్యాలి.

వ్యవధిని కూడా మాటల్లో చెప్పాలి. ఈ మట్టిలో కన్సాలిడేషన్ గుణకం ఏడాదికి ఒక చదరపు మీటరు. పైనా కిందా ఇసుక ఉంది కాబట్టి నీరు రెండు వైపులా పోతుంది, ఎంత దూరంలో ఉన్న నీటి చుక్కయినా రెండు మీటర్లకు మించి ప్రయాణం చెయ్యనక్కర్లేదు. అప్పుడు సగం కుంగుబాటుకు తొమ్మిదిన్నర నెలలు, 90 శాతానికి సుమారు మూడేళ్ల అయిదు నెలలు పడుతుంది. కింద ఇసుక బదులు నీరు పోనివ్వని పొర ఉంటే దారి నాలుగు మీటర్లవుతుంది, కాలం నాలుగింతలై పదమూడున్నర ఏళ్లు దాటుతుంది. రిపోర్ట్‌లో దీన్ని డబుల్ డ్రైనేజ్, సింగిల్ డ్రైనేజ్ అంటారు. తెలుగులో "డ్రైనేజీ" అంటే వీధి కాలువ కాబట్టి ఇక్కడ ఆ మాట అస్సలు వద్దు. "నీరు రెండు వైపులా బయటపడుతుంది" అని పూర్తి వాక్యం రాయండి.

సైట్ ఇంజినీరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ల్యాబ్‌లో ఈ పరీక్ష ఒక్కో బరువుకు ఒక్క రోజులో అయిపోతుంది కదా, ఇక్కడ మూడేళ్లెందుకు? ల్యాబ్ ముక్క మందం 20 మిల్లీమీటర్లు, రెండు వైపులా నీరు పోతుంది కాబట్టి దారి 10 మిల్లీమీటర్లు. మన దారి దానికి రెండు వందల రెట్లు, కాలం దూరం వర్గంతో పెరుగుతుంది, అంటే నలభై వేల రెట్లు. ల్యాబ్‌లో ముప్పావు గంటలో అయ్యేది సైట్‌లో మూడేళ్లు దాటుతుంది. నోట్‌లో ఈ రెండు లైన్లు పెడితే "ఇంకెన్నాళ్లు సార్" అనే ఫోన్లు తగ్గుతాయి. మూడేళ్లు ఆగలేని పని అయితే వర్టికల్ డ్రెయిన్లు వేస్తారు. అవి నీటి దారిని మీటరు లోపుకు తెస్తాయి. ఆ మాటను తెలుగు చెయ్యబోకండి, సరుకు ఆ పేరుతోనే వస్తుంది.

## షియర్ స్ట్రెంగ్త్: మాట కన్నా గుర్తు ముఖ్యం

దీనికి మొదట తట్టే తెలుగు "కోత బలం". రెండు ముక్కలూ చిక్కే. కోత అంటే మట్టి పనిలో తవ్వకం, ఏటి ఒడ్డున గట్టు తెగడం. బలం అంటే ఫిజిక్స్‌లో ఫోర్స్. బీమ్‌లో వచ్చే షియర్ ఫోర్స్‌నీ, మట్టికున్న షియర్ స్ట్రెంగ్త్‌నీ రెండింటినీ కోత బలం అంటే ఒకటి మోపేది, ఒకటి ఆపేది అన్న తేడా పోతుంది. తెలుగే కావాలంటే "జారుడుకు ఎదురు నిలిచే పటుత్వం" అనవచ్చు. బలం కన్నా పటుత్వం మేలు, సైట్‌లో ఆ మాటకు వేరే పని లేదు.

నేనైతే "మట్టి షియర్ స్ట్రెంగ్త్" అని రాస్తాను. సైట్‌లో షియర్ అందరికీ తెలుసు, కానీ అది రింగుల షియర్, ఫుటింగ్‌లో పంచింగ్ షియర్. "మట్టి" అన్న ఒక్క మాట ముందు పెడితే ఆ గందరగోళం తప్పుతుంది. స్పెల్లింగ్ కూడా ఒకటే ఉంచండి. ఒక నోట్‌లో షేర్, షియర్, షీర్ మూడూ చూశాను. షేర్ అంటే వాటా.

అయితే అసలు ప్రమాదం ఈ మాటలో లేదు, దాని ముందొచ్చే "అన్‌డ్రెయిన్డ్"లో ఉంది. "డ్రైనేజీ లేని షియర్ స్ట్రెంగ్త్" అని రాసిన నోట్ ఒకటి నా చేతికొచ్చింది. అది చదివిన సూపర్‌వైజర్ సైట్ చుట్టూ కాలువ తవ్విస్తే ఈ బలహీనత పోతుందనుకున్నాడు. అన్‌డ్రెయిన్డ్ అంటే కాలువ లేకపోవడం కాదు, బరువు ఎంత త్వరగా పడుతోందంటే నీటికి బయటపడే వ్యవధే లేకపోవడం. టిప్పర్లు వారంలో మెరక పోసేస్తే బంకమట్టికి అది రెప్పపాటే. కాబట్టి "బరువు త్వరగా పడినప్పటి మట్టి షియర్ స్ట్రెంగ్త్, c_u" అని రాయాలి. డ్రెయిన్డ్ అయితే "నీరు పూర్తిగా సర్దుకున్నాక ఉండే మట్టి షియర్ స్ట్రెంగ్త్". ఈ రెండు వివరణల్లోనూ కాలం ఉంది, కాలువ లేదు.

ఇప్పుడు గుర్తు సంగతి. మన బంకమట్టికి ల్యాబ్‌లో అన్‌కన్ఫైన్డ్ కంప్రెషన్ పరీక్ష చేస్తే q_u 40 కిలోపాస్కల్స్ వచ్చింది. షియర్ స్ట్రెంగ్త్ c_u దానిలో సగం, 20. ఈ రెండింటినీ "మట్టి బలం" అని తెలుగు చేస్తే చదివేవాడు రిపోర్ట్‌లో ముందు కనిపించిన 40 పట్టుకుంటాడు. ఏమవుతుందో చూడండి. పై ఇసుక పొరను లెక్కలోకి తీసుకోకుండా, మెత్తటి నేల మోయగల హద్దు 5.14 × c_u, అంటే 103 కిలోపాస్కల్స్. రెండు మీటర్ల మెరక బరువు 36, భద్రతా గుణకం 2.86. టిప్పర్లు ఒకేచోట నాలుగు మీటర్ల ఎత్తు గుట్ట పోస్తే బరువు 72, గుణకం 1.43. అది వద్దని చెప్పాల్సిన స్థితి. కానీ 20 బదులు 40 పెట్టి లెక్క చేసినవాడికి అదే గుట్టకు మళ్లీ 2.86 వస్తుంది. తప్పు లెక్కలో ఏమీ అనుమానంగా కనిపించదు.

అందుకే ఈ విభాగంలో c_u, q_u, φ లాంటి గుర్తుల్ని తెలుగు లిపిలోకి మార్చకూడదు, వదిలెయ్యకూడదు. ప్రతి అంకె పక్కన గుర్తు ఉండాలి, ప్రమాణం ఉండాలి, ఏ పరీక్ష నుంచి వచ్చిందో ఉండాలి. మట్టి గింజల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే కొహిషన్‌ను "జిగట" అని రాయడం కూడా మానేస్తే మంచిది. తడిసి చెప్పుకంటుకునే ఒండ్రు చాలా జిగటగా ఉంటుంది, దాని c_u పది కూడా ఉండకపోవచ్చు.

## ఎవరికి రాస్తున్నారో చూసుకోండి

పాలిటెక్నిక్ లేదా బీటెక్ చేసిన సైట్ ఇంజినీరుకు పైన చెప్పిన ఎంపికే సరిపోతుంది: కుంగుబాటు తెలుగులో, బంకమట్టి కన్సాలిడేషన్ వివరణతో, మట్టి షియర్ స్ట్రెంగ్త్ గుర్తుతో. నేల భద్రంగా మోయగల ఒత్తిడిని చెప్పే ఎస్‌బీసీ అన్న పొట్టి మాట కూడా అతనికి అలాగే ఉంచండి. ఒక్కటి మాత్రం చూసుకోండి. చాలా సైట్లలో ఎస్‌బీసీ అంటే రిపోర్ట్‌లో చివర కనిపించే అంకె. అది మట్టి జారకుండా ఉండటానికి వచ్చిందా, కుంగుబాటు హద్దుకు వచ్చిందా అన్నది ఒక ముక్కలో చెప్పాలి. మెత్తటి బంకమట్టిలో రెండోదే తక్కువగా ఉండి డిజైన్‌ను నడిపించడం మామూలే. అలాంటప్పుడు ఫుటింగ్ వెడల్పు పెంచినా కుంగుబాటు అనుకున్నంత తగ్గదు.

మేస్త్రీకీ సూపర్‌వైజర్‌కీ వెళ్లే కాగితంలో అసలు ఈ మాటలే అక్కర్లేదు. మూడు ఆజ్ఞలు చాలు: మెరక అరమీటరుకు మించి ఒకేసారి ఎత్తకూడదు, టిప్పర్ లోడు ఒకేచోట గుట్ట పొయ్యకూడదు, ప్లేటు రాడ్లను వంచకూడదు. మూడోది నవ్వొచ్చేలా ఉన్నా, ప్రొక్లెయిన్ తగిలి రాడ్ వంగితే ఆరు నెలల రీడింగులు పోతాయి.

యజమానికి రాసేటప్పుడు వాడుక తెలుగుకే వెళ్లవచ్చు. "కింది బురద నేల రెండు మీటర్ల మెరక బరువుకు మూడేళ్లకు పైగా మెల్లగా దిగుతుంది, జానెడు దాకా దిగవచ్చు" అంటే ఆయనకు చాలు. అక్కడ కన్సాలిడేషన్ అని రాస్తే టెన్షన్ తప్ప తెలివిడి రాదు.

## అదే వాక్యం, మళ్లీ రాస్తే

మొదట రాసినది:

> మట్టి 90 శాతం గట్టిపడ్డాకే ఫ్లోర్ కాంక్రీట్ వెయ్యాలి.

ఇప్పుడు రాసేది:

> మెరక మట్టి: ప్రతి పొరకూ రోలింగ్ చేసి 95 శాతం కంపాక్షన్ చూపాలి. ఇది ఫ్లోర్ వెయ్యడానికి అనుమతి కాదు.
>
> బంకమట్టి కన్సాలిడేషన్: పైన పడిన మెరక బరువుకు కింది బంకమట్టిలోని నీరు నెలల తరబడి బయటకు పోతూ ఆ పొర పలచబడటం, రోలర్‌తో దీనికి సంబంధం లేదు. దీనివల్ల పాత నేల మట్టం మొత్తం సుమారు 227 మి.మీ. కుంగుతుందని అంచనా.
>
> పాత నేల మీద పెట్టిన ప్లేట్ల లెవెల్ వారానికోసారి తీసి పంపాలి. కుంగుబాటు 200 మి.మీ. దాటి, రీడింగులు దాదాపు నిలిచిపోయాక, డిజైనర్ రాసి ఇచ్చిన తేదీ తర్వాతే ఫ్లోర్ కాంక్రీట్.

ఒక వాక్యం మూడు పేరాలైంది. నోట్ అంతా ఇలా సాగదీయనక్కర్లేదు. కన్సాలిడేషన్ వచ్చే ఒక్క చోట, అన్‌డ్రెయిన్డ్ వచ్చే ఒక్క చోట చాలు. పంపే ముందు నేను ఒక పని చేస్తాను. తెలుగు కాగితం సైట్ ఇంజినీరుకు ఇచ్చి, "అర్థమైందా" అని అడగను, అవుననే అంటారు. "రేపు కంపాక్షన్ 96 వచ్చిందనుకో, ఫ్లోర్ ఎప్పుడు వేస్తావు?" అని అడుగుతాను. "ప్లేటు రీడింగ్ ఎంతుందో చూడాలి సార్" అంటే కాగితం వెళ్లిపోతుంది. "ఎల్లుండి" అంటే మళ్లీ కూర్చుని రాస్తాను.